సూర్యదేవతను గుహలోంచి రప్పించింది ఆమె వెలుగే

జపాన్ పురాణాల్లో సూర్యుడు మగవాడు కాదు, ఆడది. పేరు అమతెరాసు. ఆమె ఒకసారి గుహలోకి వెళ్ళి రాతి తలుపు వేసుకుంటే లోకమంతా చీకటైపోయిందని, దేవతలు బయట ఆడిపాడి నవ్వులు పూయించి, అద్దం చూపించి ఆమెను బయటికి రప్పించారని ఒక కథ ఉంది. రెండు వాక్యాల్లో చెప్పేస్తే ఇది పిల్లల కథలా ఉంటుంది. పాత గ్రంథాల్లో ఏముందో మాట మాటా చూసుకుంటూ వెళితే మాత్రం ఆ గుహ ముందు చాలా పెద్ద విషయమే జరిగిందని అర్థమవుతుంది.

ఈ కథ మనకు ముఖ్యంగా రెండు పుస్తకాల్లో దొరుకుతుంది. ఒకటి 712లో పూర్తయిన 'కొజికి', రెండోది 720లో పూర్తయిన 'నిహోన్ షోకి'. రెండూ అప్పటి రాజధాని నారాలోని రాజాస్థానంలో, ఎనిమిదేళ్ళ తేడాతో తయారైనవే. అయినా రెండూ ఒకేలా చెప్పవు. అద్దం, నవ్వు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఆ తేడాలే మనకు దారి.

ముందు ఆమె ఎందుకు దాక్కుందో చూద్దాం. తెలుగువాళ్ళకు ఈ కథ వినగానే 'అలక' గుర్తొస్తుంది. సత్యభామ, అలకపాన్పు, బుజ్జగింపు, ఆ వరసంతా మనకు ఉంది కాబట్టి అమతెరాసు కూడా అలిగిందనుకుంటాం. కొజికిలో ఉన్న మాట అది కాదు. 'చూసి భయపడి' లోపలికి వెళ్ళింది అని ఉంది. నిహోన్ షోకి 'కోపం వచ్చి' అంటుంది. భయమైనా కోపమైనా, ఎవరో వచ్చి బతిమాలాలని ఎదురుచూసే అలక మాత్రం కాదు. అందుకే ఈ కథలో ఎవ్వరూ ఆమెను బతిమాలరు.

ఆ భయానికి కారణం తమ్ముడు సుసానో. తుపానులా విరుచుకుపడే దేవుడు. అక్కతో పెట్టుకున్న ఒక పందెంలో తానే గెలిచానని చెప్పుకుని, ఆ ఊపులో ఆమె వరిమళ్ళ గట్లు తెంచాడు, నీటికాలువలు పూడ్చేశాడు, కొత్త పంటను ఆరగించే మందిరంలో మలవిసర్జన చేశాడు. అక్క మొదట అతన్ని వెనకేసుకొచ్చింది. అది మలం కాదు, తాగి కక్కుకున్నాడేమో అంది. గట్ల కింద పోయిన నేల వృథా అవుతుందని తెంచి ఉంటాడు అంది. ఇంత ఓర్చుకున్న మనిషి ఎక్కడ విరిగిపోయిందో చూడండి. దేవతల వస్త్రాలు నేసే శాలలో ఆమె ఉండగా, సుసానో మచ్చల గుర్రాన్ని వెనకనుంచి ముందుకు తోలు ఒలిచి, కప్పుకు కన్నం పెట్టి లోపలికి పడేశాడు. నేత నేస్తున్న అమ్మాయి బెదిరిపోయి, నాడె మర్మస్థానంలో గుచ్చుకుని చచ్చిపోయింది. అప్పుడు అమతెరాసు తలుపు వేసుకుంది.

ఈ నేరాల జాబితా ఏదో కల్పన కోసం పేర్చింది కాదు. 927లో పూర్తయిన 'ఎంగిషికి' అనే రాజాస్థాన నియమావళిలో దేశమంతటి పాపాలను కడిగే ఒక పెద్ద ప్రార్థన ఉంది. అందులో 'స్వర్గపు పాపాలు' అని చదివే జాబితా దాదాపు ఇదే: గట్లు తెంచడం, కాలువలు పూడ్చడం, తూములు వదిలేయడం, ఒకరు విత్తిన మడిలో మళ్ళీ విత్తడం, తోలు వెనకనుంచి ఒలవడం, మలంతో మైలపరచడం. వరి పండించే ఊళ్ళో పుట్టినవాళ్ళకు వీటి బరువు విడమరచి చెప్పక్కర్లేదు. పై మడి గట్టు తెగితే కింద పది కుటుంబాల పంట పోతుంది. నీటి కట్టుబాటు చెడితే ఊరు చెడుతుంది. అంటే ఆమె తలుపు వేసుకున్నది ఒక అక్కాతమ్ముళ్ళ తగాదాకు కాదు, వరి మీద నిలబడ్డ సమాజం ఆధారాలు ఒక్కొక్కటే విరిగిపోయాక.

ఇప్పుడు చీకటి. ఎనభై లక్షల దేవతలు (లెక్క కోసం కాదు, లెక్కలేనంతమంది అని) ఆకాశనది ఒడ్డున సభ చేశారు. ఆలోచన చెప్పింది ఒమొయికానే, పలువురి ఆలోచనలను ఒక్కచోట చేర్చేవాడని ఆ పేరుకు అర్థం. ఆయన పథకంలో మొదటి పని కోళ్ళను తెచ్చి కూయించడం. తరవాత అద్దం పోత పోయించడం, పూసల హారం గుచ్చించడం, మగజింక భుజపుటెముకను కాల్చి శకునం చూడడం. పచ్చని సకాకి చెట్టును వేళ్ళతో సహా పెకలించి తెచ్చి, పైకొమ్మలకు పూసలు, నడిమికొమ్మలకు అద్దం, కిందికొమ్మలకు తెల్లటి, నీలపు వస్త్రాలు కట్టారు. ఫుతొదామా అనే దేవుడు ఆ చెట్టు పట్టుకున్నాడు. కొయానే అనేవాడు ప్రార్థన చదివాడు. చేతిబలం గల తజికారావో తలుపు పక్కన నక్కి నిలబడ్డాడు. 

కోళ్ళ విషయం ఒక్క క్షణం ఆలోచించండి. సూర్యుడు లేకుండా కోడి కూయడమంటే, నువ్వు రాకుండానే తెల్లవారింది అని చెప్పడమే. పథకమంతా ఈ మాట మీదే నడుస్తుంది.

అప్పుడు ఉజుమే అనే దేవత వచ్చింది. తీగతో చేతులు బిగించి కట్టుకుంది, తలకు మరో తీగ చుట్టుకుంది, చేతిలో సన్న వెదురు ఆకుల కట్ట పట్టుకుంది. గుహ తలుపు ముందు ఒక కొయ్య తొట్టిని బోర్లించి, దాని మీదికెక్కి దద్దరిల్లేలా తొక్కింది. పూనకం వచ్చింది. పూనకం అని నేను తెలుగు చేసి చెప్పడం లేదు, మూలంలో ఉన్న మాటకు అర్థమే 'దేవుడు పట్టడం'. ఆ పూనకంలో రొమ్ములు బయటపెట్టి, నడుము కట్టును మర్మస్థానం దాకా జార్చింది. 1882లో ఈ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన బేసిల్ హాల్ చాంబర్లేన్ 'మర్మస్థానం దాకా' అన్న ఈ రెండు మాటలను ఇంగ్లీషులో రాయలేక లాటిన్‌లో పెట్టేశాడు. ఈ కాలంలో చాలామంది దీన్ని దేవలోకపు బట్టలూడదీసే నాట్యంలా చెబుతారు. అది కూడా ఆ లాటిన్ లాంటిదే, ఆ క్షణంలో ఉన్నదాన్ని చూడనివ్వదు. ఆమె ఒంటి మీదికి ఏదో వచ్చింది, చూసినవాళ్ళు నవ్వారు, ఆకాశం కంపించింది.

ఆ నవ్వుకు కొజికి వాడిన చైనా అక్షరం 咲. ఇప్పటి జపనీస్‌లో అదే అక్షరానికి 'పువ్వు విచ్చుకోవడం' అని అర్థం. ఎనిమిదో శతాబ్దంలో అది నవ్వడానికి రాసేది. తెలుగులో మనం పువ్వులాంటి నవ్వు అనడం, నవ్వులు పూశాయి అనడం గుర్తు చేసుకుంటే ఈ మార్పు మనకేమీ వింతగా తోచదు.

లోపల ఉన్న అమతెరాసు తలుపు సన్నగా తెరిచి అడిగిన ప్రశ్నలోనే కథ తాళంచెవి ఉంది. 'నేను దాక్కున్నాను కాబట్టి ఆకాశమూ చీకటై ఉంటుంది, భూమీ చీకటై ఉంటుంది అనుకున్నాను. మరి ఉజుమే ఎందుకు ఆడుతోంది, దేవతలంతా ఎందుకు నవ్వుతున్నారు?' ఆమెను ఇక్కడికి తెచ్చింది జాలి కాదు, భయం తగ్గడమూ కాదు. తన లెక్క తప్పిందన్న అనుమానం. బయట ఏడుపులు, మొరలు వినిపించి ఉంటే ఆమె లెక్క సరిపోయేది: నేను లేకపోతే వాళ్ళు గడవలేరు. నవ్వు ఆ లెక్కను చెడగొట్టింది. బతిమాలడం కన్నా నవ్వు ఎందుకు పనిచేసిందో నాకు కనిపించే కారణం ఇదే.

ఉజుమే ఇచ్చిన జవాబు: 'మీకంటే గొప్ప దేవత ఒకరున్నారు. అందుకే మేం సంతోషంగా ఆడుతున్నాం.' ఆ మాట అంటుండగానే కొయానే, ఫుతొదామా అద్దాన్ని ముందుకు చాపారు. అమతెరాసు మరింత వింతగా అనుకుని, మెల్లగా తలుపు దాటి ముందుకు వంగి చూసింది. అద్దంలో ఆమె ఏం చూసిందో కొజికి చెప్పదు. తన ముఖాన్నే చూసి వేరే దేవత అనుకుందని మనం ఊహించుకుంటున్నాం, ఆ ఊహ సబబే. ఇక్కడ ఒక చిన్న భౌతిక విషయం గమనించాలి. లోకమంతా చీకటి. కంచు అద్దానికి సొంత వెలుగు లేదు. ఆ సన్నటి సందులోంచి పడే వెలుగు తప్ప అక్కడ మెరిపించడానికి ఇంకేమీ లేదు. అంటే ఆమెకు పోటీగా వెలుగుతూ కనిపించింది ఆమె వెలుగే. 'మీకంటే గొప్ప దేవత' అన్నది అబద్ధమే గాని, అందులో చూపించిన ముఖం నిజం.

పక్కన పొంచి ఉన్న తజికారావో అప్పుడు చెయ్యి పట్టి లాగాడు. ఫుతొదామా ఆమె వెనక ఒక తాడు కట్టి, 'ఇక ఇక్కడి నుంచి లోపలికి తిరిగి వెళ్ళకూడదు' అన్నాడు. వెలుగొచ్చింది. నవ్వు తలుపు తెరిపించింది, అద్దం అడుగు వేయించింది, చెయ్యి బయటికి తెచ్చింది, తాడు తిరిగి వెళ్ళకుండా ఆపింది. ఒక్కొక్కటి ఒక్కో పనికే. జపాన్‌లో ఏ మందిరం గుమ్మం చూసినా కనిపించే వరిగడ్డి తాడుకు మూలం ఇదేనని చెబుతారు.

ఇప్పుడు ఇదే ఘట్టాన్ని నిహోన్ షోకి ప్రధాన పాఠంలో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అద్దం చెట్టుకు వేలాడుతూనే ఉంది, దాన్ని ఎవరూ ఆమె ముందుకు చాపరు. 'మీకంటే గొప్ప దేవత' అన్న మాట లేదు. ఆకాశం కంపించేంత నవ్వు లేదు. ఉజుమే నేర్పుగా ప్రదర్శన చేసింది అంటుంది (అక్కడ వాడిన 俳優 అన్న మాటే ఇప్పుడు నటులకు వాడే మాట), అమతెరాసు వింతపడి తలుపు సన్నగా తెరిచింది, బలవంతుడు చెయ్యి పట్టి తెచ్చాడు. అంతే. మనకు బాగా గుర్తుండిపోయే నవ్వు, అద్దపు మాయ రెండూ కొజికివే.

అయితే నిహోన్ షోకి మరో పాఠాంతరంలో ఒక చిన్న వివరం ఇస్తుంది. అద్దాన్ని గుహలోకి పెట్టినప్పుడు తలుపుకు తగిలి చిన్న గాటు పడిందట. 'ఆ గాటు ఇప్పటికీ ఉంది. ఇసేలో కొలిచే మహాదేవత ఈమే' అని రాశారు. ఇసే మందిరంలో అమతెరాసుకు ప్రతిరూపంగా ఉన్నది విగ్రహం కాదు, అద్దం. మనవణ్ణి భూమికి పంపుతూ ఆమె ఆ అద్దాన్నే ఇచ్చి, దీన్ని నా ఆత్మగా భావించి, నన్ను కొలిచినట్టే కొలువు అని చెప్పినట్టు కొజికిలో ఉంది. గుహ ముందు ఆమెను మోసగించడానికి వాడిన వస్తువు చివరికి ఆమే అయింది. ఉజుమే ఆడిన అబద్ధం నిజమైపోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా లోతైన మలుపు ఇదే.

ఆ అద్దం ఎంత ఉంటుందో బయటివాళ్ళెవరూ చూడలేదు. అలాంటి అద్దాలు ఎలా ఉండేవో మాత్రం భూమి చెప్పింది. ఫుకుఒకా రాష్ట్రంలోని హిరబారు సమాధిలో 1965లో తవ్వితే, 46.5 సెంటీమీటర్ల వ్యాసమున్న కంచు అద్దాలు ముక్కలై దొరికాయి. పెద్ద అన్నం పళ్ళెమంత. అలాంటి అద్దం కొత్తగా మెరుగు పెట్టినప్పుడు కంచు రంగులో ఉండదు, తగరం ఎక్కువ కాబట్టి వెండిలా తెల్లగా ఉంటుంది. చీకట్లో ఒక వెలుగు గీత దాని మీద పడితే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చక్రవర్తి పీఠానికి గుర్తులైన మూడు పవిత్ర వస్తువుల్లోనూ అద్దం ఒకటి. 2019 మే 1న నరుహితో పీఠమెక్కినప్పుడు కత్తిని, రత్నాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టారు. అద్దాన్ని కదపలేదు. ఇసేలోని అద్దానికి ప్రతిగా రాజభవనపు మందిరంలో ఉన్న అద్దం కూడా తన చోటే ఉండిపోయింది.

ఇక్కడిదాకా కథ అర్థం గురించి చెప్పాను. ఈ కథ ఎవరికి ఎంత విలువైందో తెలియాలంటే ఒక వ్యాజ్యం సంగతి చూడాలి. గుహ ముందు ప్రార్థన చదివిన కొయానే నకతోమి వంశానికి మూలపురుషుడు, చెట్టు పట్టుకున్న ఫుతొదామా ఇంబే వంశానికి మూలపురుషుడు. ఉజుమే పేరు మీద సరుమే అనే వంశం ఉంది. అంటే గుహ ముందు ఎవరు ఏం పట్టుకున్నారన్నది రాజాస్థానంలో ఎవరికి ఏ పూజాధికారం ఉందో తేల్చే పత్రం లాంటిది. నకతోమి వాళ్ళ శాఖే ఫుజివరా వంశమై రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఇంబే వాళ్ళు వెనకబడ్డారు. మందిరాలకు రాజకానుకలు తీసుకెళ్ళే దూతలుగా ఎవరు వెళ్ళాలన్న తగువు ముదిరి, 806లో ఆస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పులో చూపిన ఆధారం ఈ కథే: అమతెరాసు గుహలో ఉన్నప్పుడు కొయానే, ఫుతొదామా ఇద్దరూ కలిసి ప్రార్థించారని నిహోన్ షోకిలో ఉంది కాబట్టి, ప్రార్థన పనిలో రెండు వంశాలకూ భాగముంది అని. మరుసటి ఏడాది, 807లో, ఎనభై ఏళ్ళు దాటిన ఇంబే నో హిరొనారి చక్రవర్తికి 'కోగో షూయి' అనే చిన్న గ్రంథం సమర్పించాడు. అందులో ఆయన గుహ కథ మళ్ళీ చెబుతాడు. ఈసారి పనివాళ్ళందరినీ నడిపించింది ఫుతొదామా. వంశ గౌరవం కోసం ఒక వృద్ధుడు పురాణాన్ని పట్టుకుని పోరాడుతున్న దృశ్యం అది. అంత పోరాటంలోనూ ఆయన ఒక అందమైన మాట దాచిపెట్టి మనకిచ్చాడు. గుహ తెరుచుకుని వెలుగు పడగానే అందరి ముఖాలూ తెల్లగా కనిపించాయట, అప్పుడు దేవతలు 'ఒమొషిరో' అన్నారట. 'ఒమొ' అంటే ముఖం, 'షిరో' అంటే తెలుపు. 'సరదాగా ఉంది, ఆసక్తిగా ఉంది' అనడానికి ఈ రోజుకీ జపనీయులు వాడే మాట ఒమొషిరోయి.

అదే పుస్తకం, రాజాస్థానంలో చలికాలంలో జరిగే చింకోన్ అనే క్రతువు ఉజుమే నుంచి వచ్చిందని చెబుతుంది. చింకోన్ అంటే ఒంట్లోంచి జారిపోయే ప్రాణాన్ని పట్టి నిలపడం. చాంద్రమానం పదకొండో నెలలో, చక్రవర్తి కొత్త బియ్యం ఆరగించే పండగకు ముందురోజు ఇది జరిగేది. సరుమే వంశపు స్త్రీలు నాట్యం చేసేవాళ్ళు, ఆస్థాన పూజారిణి బోర్లించిన తొట్టిని ఈటెతో పదిసార్లు పొడిచేది, ఒక్కో పోటుకు దారానికి ఒక్కో ముడి వేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఎండ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. సూర్యదేవత వారసుడైన చక్రవర్తి ప్రాణమూ అప్పుడే సన్నగిల్లుతుందని వాళ్ళ నమ్మకం. 685 పదకొండో నెలలో, జబ్బుతో ఉన్న తెమ్ము చక్రవర్తికి 'ప్రాణాన్ని పిలిచే' క్రతువు చేశారని నిహోన్ షోకి నమోదు చేసింది. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు. కొజికిగా తరవాత పూర్తయిన కూర్పును మొదట ఆదేశించింది ఈ తెమ్మునే. క్రతువు నుంచి కథ పుట్టిందా, కథ నుంచి క్రతువు పుట్టిందా అని వాదించుకోవచ్చు గాని, రెండూ ఒకే తొట్టి మీద నిలబడి ఉన్నాయి.

ఈ కథను సూర్యగ్రహణంతో ముడిపెట్టే వాదన ఒకటి బాగా ప్రచారంలో ఉంది. 247లో, 248లో సూర్యగ్రహణాలు వచ్చాయని ఖగోళ లెక్కలు చెబుతాయి. చైనా చరిత్రలో కనిపించే జపాన్ రాణి హిమికో చనిపోయింది దాదాపు అప్పుడే. కాబట్టి అమతెరాసు ఆమేనని కొందరంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కాని గ్రహణం కొన్ని నిమిషాల్లో దానంతట అదే పోతుంది, దానికి ఇన్ని ఏర్పాట్లు అక్కర్లేదు. పైగా గ్రహణమంటే మనకు రాహువు మింగడం. ఇక్కడ సూర్యుణ్ణి మింగిన రాక్షసుడు లేడు, చంపాల్సిన శత్రువు లేడు. ఋగ్వేదంలో వలుడనే రాక్షసుడి గుహను బద్దలుకొట్టి ఆవులను, ఉషస్సును విడిపించడంతో ఈ కథను పోల్చిన పండితులున్నారు. ఆ పోలికలో బలముంది, కాని తేడా ఇంకా బాగుంది. వలుడి గుహను బయటినుంచి పగలగొట్టాలి. ఇక్కడ తలుపును సందు చేసి తెరిచింది లోపలున్న ఆమే. బలవంతుడు మొదటినుంచీ తలుపు పక్కనే ఉన్నాడు, అయినా ఆమె తెరిచేదాకా అతని బలానికి పని లేదు. గుహ లోపలికి వెళ్ళడాన్ని చెప్పే జపనీస్ క్రియ 'కొమోరు'. గది తలుపు వేసుకుని ఏళ్ళ తరబడి బయటికి రాని యువకులను ఇప్పుడు జపాన్‌లో పిలిచే 'హికికొమోరి' అన్న మాటలో ఉన్నదీ ఆ క్రియే.

క్యూషూ కొండల్లోని తకచిహోలో అమా నో ఇవాతో అనే మందిరం ఉంది. ఏటికి అవతలి ఒడ్డున కొండలో ఉన్న గుహనే అమతెరాసు దాక్కున్నదిగా కొలుస్తారు. అక్కడి ఊళ్ళలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రంతా కగురా అనే దేవతారాధన నాట్యాలు జరుగుతాయి. ముప్ఫైమూడు ఘట్టాల్లో గుహ తెరిచే ఘట్టాలు తెల్లవారుజాముకు వస్తాయి, చూస్తున్నవాళ్ళు చలికి వణికి, నిద్రకు తూగాక.

ఒసాకా పక్కన హిరఒకా అనే మందిరంలో దేవుడు మనకు తెలిసినవాడే, ప్రార్థన చదివిన కొయానే. ఏటా డిసెంబరు చివర్లో, శీతకాలపు సూర్యుడు మళ్ళీ బలం పుంజుకోవడం మొదలయ్యే రోజుల్లో, అక్కడ గుమ్మానికి కొత్త గడ్డితాడు కడతారు. తాడు కట్టాక పూజారి దానికి ఎదురుగా నిలబడి 'ఆ హ్హా హ్హా' అని నవ్వుతాడు. వచ్చినవాళ్ళు కూడా నవ్వుతారు. అలా మూడుసార్లు. ఆ తరవాత అందరూ కలిసి ఇరవై నిమిషాలపాటు ఆపకుండా నవ్వుతారు.